పేరు సరిగ్గా పెట్టిన ఫైలు

మా ఆఫీసులో నన్ను రూల్సక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ మధ్య కాస్త గర్వంగా కూడా ఉండేది.

మాది ఆడిట్ ఆఫీసు. ఆఫీసు నడిపే పెద్దాయన, ముగ్గురు అకౌంటెంట్లు, కాగితాలు చూసుకునే నేను. క్లయింట్లు ఇచ్చే ప్రతి కాగితం నా చేతుల మీదుగానే లోపలికి వెళ్ళాలి. నాలుగేళ్ళ క్రితం ఒకాయన బ్యాంకు కాగితాలు పొరపాటున ఇంకొకాయన మెయిల్‌కి పోయాయి. ఆ కాగితాలాయన మా ఆఫీసుకొచ్చి అరిచిన అరుపులు కింద దుకాణాలదాకా వినిపించాయి. పెద్దాయన ఆ రోజు అన్నం కూడా తినలేదు. నెల తిరక్కుండా పోర్టల్ పెట్టించారు. ఇకమీదట మెయిల్‌లో కాగితాలు లేవు, చేతికివ్వడం లేదు, ఏదైనా పోర్టల్‌లోనే. దానికి నియమాలు రాసే పని నాకప్పగించారు.

రాశాను. ఎలా రాశాననుకున్నారు? పది రోజులు కూర్చుని రాశాను. ఒక్కో క్లయింటుకి ఒక్కో నెంబరు. ఆ నెంబరు కింద ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ కాగితాలు చూడలేరు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది, తెరిచిన ప్రతిసారీ వాళ్ళ ఫోన్‌కే కోడ్ వస్తుంది. ఎవరు ఏ ఫైలు ఎన్నింటికి చూశారో లాగ్‌లో పడుతుంది, దాన్ని మేం కూడా చెరపలేం. ఎవరైనా కొత్త ఫైలు పెడితే ఆ నెంబరులో ఉన్నవాళ్ళందరికీ మెయిల్ వెళ్తుంది. చివరిది నా ఐడియానే. తమ పేరు మీద ఏం జరుగుతోందో జనానికి తెలియాలి కదా అనుకున్నాను.

ఇక ఫైళ్ళకి సూచనలు వేరే. పీడీఎఫ్ మాత్రమే. ఒక కాగితానికి ఒక ఫైలు. పాస్‌వర్డ్ పెట్టి తాళం వేసిన ఫైళ్ళు వద్దు. ఫోన్‌తో తీసిన ఫొటోలు వద్దు. ఫొటోలు వద్దని ఎందుకన్నానంటే, ఒకాయన పంపిన కాగితంలో అంకెల కంటే ఆయన బొటనవేలూ కాఫీ కప్పూ బాగా కనపడ్డాయి. అన్నిటికంటే ముఖ్యం ఫైలు పేరు. ముందు క్లయింటు నెంబరు, తర్వాత అది ఏ కాగితమో, తర్వాత దేనికో, చివర నెల. ఫైలు తెరవకుండానే లోపల ఏముందో తెలిసిపోవాలి. ఈ ముక్క పెద్ద అక్షరాలతో అచ్చువేయించి కౌంటర్ మీద అంటించాను. ఇప్పటికీ అక్కడే ఉంది. గీకినా పూర్తిగా రావడం లేదు.

ఆ అమ్మాయి వచ్చింది ఒక బుధవారం. అమ్మాయంటే ముప్పై దాటి ఉంటాయి, నాకంటే చిన్నది కాబట్టి అమ్మాయి. టైల్స్ షాపాయన భార్య. షాపు ఇద్దరి పేరు మీదా ఉంది, మా దగ్గర వాళ్ళ నెంబరు 318. ఎప్పుడొచ్చినా ఆయన వెనకాలే వచ్చి, సంతకం పెట్టమన్నచోట పెట్టి, ఆయనతోనే వెళ్ళిపోయేది. ఆ రోజు ఒక్కతే వచ్చింది. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి చూసేది. బస్సుకి టైమైందేమో అనుకున్నాను. నా తెలివి అలా ఏడిసింది.

"అక్కా, నా టాక్స్ రిటర్నులో చిరునామా మార్చాలి. ఇకమీదట నాకొచ్చే ఉత్తరాలు ఆ ఇంటికి వెళ్ళకూడదు" అంది.

"కొత్త చిరునామాకి రుజువుందా?"

సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన అద్దె ఒప్పందం తీసింది. "ఇది మీ చేతికిచ్చేస్తా తీసుకోండి. రెండే పేజీలు."

"చేతికి తీసుకోమమ్మా. పోర్టల్‌లో పెట్టండి."

"నాకవన్నీ సరిగ్గా రావక్కా."

"రాకపోవడమేమిటి? ఫోన్‌లో సినిమాలు చూడట్లేదూ? దానికంటే తేలికే" అని సూచనల కాగితం ఒకటి తీసి చేతిలో పెట్టాను.

దాన్ని పైనుంచి కిందదాకా చదివింది. చదివి, గొంతు తగ్గించి అడిగింది. "నేను పెట్టింది ఇంకెవరికైనా కనపడుతుందా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను చెప్పిన జవాబు కూడా ఉంది.

"మీ పాస్‌వర్డ్ మీది, కోడ్ మీ ఫోన్‌కే వస్తుంది. మాకు తప్ప వేరే ఏ క్లయింటుకీ కనపడదు. బ్యాంకు లాకరనుకోండి."

"ఆ ఇల్లెక్కడో మా అమ్మకి కూడా చెప్పలేదక్కా" అంది, ఒప్పందాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెడుతూ.

అప్పుడైనా అడగాల్సింది. ఎందుకమ్మా చెప్పలేదు, ఏమైంది, ఒక్క మాట! కానీ క్లయింట్ల ఇంటి సంగతులు అడగకూడదని మా ఆఫీసులో ఒక రూలుంది. అదీ నేను రాసిందే. వాళ్ళ పాప ఎలా ఉందని మాత్రం అడిగాను. బాగుందట, కొత్త స్కూల్లో వేసిందట. తను మందుల ప్యాకింగ్ పనిలో చేరిందట, ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారట, ఏదైనా ఉంటే ఉదయమే చెప్పమంది. ఆ కంపెనీ పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు సాయంత్రం ఫైలొచ్చింది. పేరు చూస్తే స్కాన్0012. అంతే. తెరిచి చూశాను, లోపల అద్దె ఒప్పందం ఉంది, అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి, రెండో పేజీ కాస్త వంకరగా వచ్చింది. తీసుకుని ఊరుకుంటే నా సొమ్మేం పోయేది? ఊరుకోలేదు. నేను రూల్సక్కని కదా! 'పేరు సూచనల ప్రకారం లేదు, మార్చి మళ్ళీ పెట్టండి' అని రాసి తిప్పి పంపేశాను.

శుక్రవారం ఉదయం పదిన్నరకి, పదకొండింటి పనిలోకి వెళ్ళేముందు ఫోన్ చేసింది. "లోపల కాగితం సరిగ్గానే ఉంది కదక్కా. పేరుతో పనేముంది?"

"మీ ఒక్కరి కాగితమేనా అమ్మా మాకు? స్కాన్ పన్నెండంటే నాకేం తెలుస్తుంది, అకౌంటెంట్‌కేం తెలుస్తుంది? రాసుకోండి, చెప్తాను."

రాసుకుంది. నేను ఒక్కో ముక్కా చెప్తుంటే తను తిరిగి చదివి వినిపించింది. మూడు వందల పద్దెనిమిది, అడ్డగీత. అద్దె ఒప్పందం, గీత. కొత్త చిరునామా రుజువు, గీత. జూన్. బడిలో పిల్లకి చెప్పినట్టు చెప్పాను. "చూశారా, ఎంత తేలికో" అని కూడా అన్నాను.

పది యాభై రెండుకి ఫైలు మళ్ళీ వచ్చింది. పేరు పొల్లు పోకుండా నేను చెప్పినట్టే ఉంది. పచ్చ టిక్కు పెట్టి, 'చాలా బాగుంది' అని రాశాను. నేను ఎవరికీ అలా రాయను.

పన్నెండు దాటాక ఆఫీసు ఫోన్ మోగింది. టైల్స్ షాపాయన. చాలా మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు, మేడమ్ అనకుండా మాట మొదలుపెట్టడు.

"మేడమ్, మీ పోర్టల్ చాలా బాగుందండీ. ఎవరు ఏం పెట్టినా నాకు మెయిల్ వస్తోంది. నిన్న స్కాన్ పన్నెండని ఏదో వచ్చింది, ఏదో చెత్తలే అని వదిలేశాను. ఇవాళ్టిది మాత్రం పేరు చూడగానే అర్థమైపోయింది. మీరందరికీ ఇలా నేర్పడం మంచి పని. థాంక్సండీ."

ఫోన్ పెట్టేశాడు. లాగ్ తెరిచాను. పది యాభై రెండు, అప్‌లోడ్. పది యాభై రెండు, నోటీసు మెయిల్, ఇద్దరికి. పదకొండు నలభై రెండు, మొదటి లాగిన్, చూశారు. పదకొండు నలభై మూడు, డౌన్‌లోడ్.

మొదటి లాగిన్ అంటే ఆయనది. రెండోది ఆమెది. నెంబరు మాత్రం ఒకటే, 318. వేరే ఏ క్లయింటుకీ కనపడదని చెప్పాను కదా, అందులో అబద్ధం లేదు. ఆయన వేరే క్లయింటు కాడు. మా లెక్కలో మొగుడూ పెళ్ళాం కలిసి ఒకే క్లయింటు. నాలుగేళ్ళుగా ఆ పట్టిక రోజూ చూస్తున్నదాన్ని, బ్యాంకు లాకరని చెప్పినదాన్ని, దాని రెండో తాళం ఎవరి దగ్గరుందో నాకు తట్టలేదు. ఆమెకి వేరే నెంబరు తెరవాల్సింది. ఫారం నింపాలి, అయిదు రోజులు పడుతుంది, చిరునామా మార్పుకి అంత హడావుడి ఎందుకులే అనుకున్నాను. నా బుద్ధికి నిప్పు పెట్టా!

ముందు ఫైలు తీసేశాను. పోర్టల్ కంపెనీకి ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి ఎత్తింది.

"పంపిన మెయిల్ వెనక్కి తీసుకోవచ్చా?"

"వీలు కాదు మేడమ్."

"ఆయన డౌన్‌లోడ్ చేసుకున్నది?"

"అది ఆయన దగ్గరే ఉండిపోతుంది మేడమ్. మనం ఏమీ చేయలేం."

"ఏదో ఒకటి చెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది."

ఓదార్పుగా చెప్పింది. "లాగ్ మాత్రం పూర్తిగా ఉంటుంది మేడమ్. ఎవరు ఎప్పుడు చూశారో అన్నీ మీకు తెలుస్తాయి."

తెలుస్తాయి తల్లీ. తెలిసి ఏం చేసుకోను?

ఆమె ఫోన్‌కి పద్నాలుగు సార్లు చేశాను. స్విచ్ఛాఫ్. ఫోన్ గేటు దగ్గర ఏ డబ్బాలో పడుందో, ఆ గేటు ఏ ఊరి చివరుందో. మెసేజ్ పెట్టాను, ఇంటికి వెళ్ళొద్దు, ఆయనకి తెలిసిపోయింది అని. అది వెళ్ళలేదు. ఒక్క టిక్కు దగ్గరే నిలబడిపోయింది.

పెద్దాయన గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు రూలు ప్రకారమే చేశావు కదమ్మా" అన్నారు.

అలా అనేబదులు నాలుగు తిట్టినా బాగుండేది. "ఆయన లాగిన్ ఆపెయ్, అడిగితే నేను మాట్లాడతాను" అన్నారు తర్వాత. నేను సంచీ తీసుకోవడం చూసి, "ఎక్కడికి? క్లయింటు కాగితంలో ఉన్న చిరునామాకి మనం వెళ్ళకూడదు" అన్నారు.

"తెలుసు సార్. ఆ రూలు రాసింది కూడా నేనే."

బస్సులోంచి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఎత్తినాయన ఓపిగ్గానే విన్నాడు.

"ఆవిడకి మీరేమవుతారమ్మా?"

"ఏమీ కాను. ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను."

"ఆయన ఆవిణ్ణి ఏమైనా చేశాడా?"

"ఇంకా ఏమీ చేయలేదు. చేయకముందే రమ్మంటున్నాను."

"భార్య ఉండే ఇంటికి భర్త వెళ్తే మేమేం రాసుకోవాలమ్మా? ఆవిణ్ణే వచ్చి చెప్పమనండి."

కౌంటర్ దగ్గర ఆ మాటే నేను ఎన్నిసార్లు అనుంటానో! ఎవరి పేరున ఉందో వాళ్ళే రావాలి, వేరేవాళ్ళు అడిగితే ఇవ్వం. ఎందుకైనా మంచిదని చిరునామా చెప్పాను. రాసుకున్నాడో లేదో తెలియదు.

ఆ ఇల్లు ఒక ఇరుకు సందులో ఉంది. కింద ఇంటావిడ ఉంటుంది, పైన ఒక్క గది, బయటి నుంచి ఇనప మెట్లు. పై మెట్టు మీద పాప చెప్పులు ఆరబెట్టి ఉన్నాయి. మెట్ల కింద నీడలో స్కూటర్ ఆపుకుని ఆయన కూర్చున్నాడు.

"అరె, మేడమ్! మీరూ వచ్చారా?" అని లేచి నిలబడ్డాడు. "ఎండలో ఎందుకండీ, ఇలా రండి."

చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం. అచ్చు తీయించుకున్నాడు. నేను దానివైపు చూడటం చూసి నవ్వాడు. "రెండో పేజీ వంకరగా స్కాన్ చేసిందండీ. దానికి ఏ పనీ శుభ్రంగా రాదు."

"మీరు ఇంటికి వెళ్ళిపోండి" అన్నాను.

"నా భార్య, నా కూతురు మేడమ్. మాట్లాడి తీసుకెళ్దామని వచ్చాను. పాపని నాలుగింటికి వదులుతారట, కింద ఇంటావిడ చెప్పింది. పాపం మంచావిడ."

"రానంటే?"

"రానని ఎందుకంటుందండీ?" అన్నాడు. నిజంగానే అర్థం కానట్టు అడిగాడు.

సందుకి రెండు చివరలున్నాయి. ఒక చివరకి పరిగెత్తి నిలబడితే ఆమె రెండో చివర నుంచి వస్తుందేమో. అటు వెళ్తే ఇటునుంచి. ఆ స్కూలెక్కడో కింద ఇంటావిడకీ తెలియదు. రెండు వైపులా కనపడే చోటు ఆ మెట్ల దగ్గరే ఉంది. అందుకని అక్కడే నిలబడ్డాను, ఆయన పక్కన, అదే నీడలో. గంటన్నర. ఆమె ఫోన్ ఇంకా స్విచ్ఛాఫే. ఆయన మధ్యలో మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. తీసుకోలేదు. ఆ గంటన్నరలో మా ఆఫీసు కాగితాల గురించి చాలా మెచ్చుకున్నాడు.

నాలుగుంపావుకి సందు చివర పాప కనపడింది. వెనకాల ఆమె, పాప పుస్తకాల సంచి తన భుజాన వేసుకుని, ఏదో చెప్పి నవ్విస్తూ వస్తోంది. తలెత్తింది. ముందు ఆయన్ని చూసింది. మొహంలో రంగు పోయింది. తర్వాత పక్కన నిలబడ్డ నన్ను చూసింది.

నేనే తీసుకొచ్చాననుకుంది. అనుకోక ఏం చేస్తుంది? ఆ ఇల్లు తెలిసింది నాకొక్కదానికే.

"వెళ్ళిపో తల్లీ! వెళ్ళిపో!" అని అరిచాను. నా అరుపు ఆమెకి ఎలా వినపడిందో నాకు తెలియదు. సంచి అక్కడే పడేసి, పాపని చంకనెత్తుకుని వెనక్కి పరిగెత్తింది. ఆయన స్కూటర్ స్టార్ట్ చేశాడు. నేను ఎదురెళ్ళి హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకున్నాను. ఎంతసేపు ఆపాను? పది లెక్కపెట్టేంత. అంతకంటే ఉండదు. నన్ను తోయలేదు, తిట్టలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. "పడిపోతారు మేడమ్, పెద్దవాళ్ళు" అని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

పడుతూ లేస్తూ రోడ్డు మీదకి వెళ్ళేసరికి ఒక బస్సు మలుపు తిరుగుతోంది. ఆయన నాలుగు రోడ్ల మధ్య స్కూటర్ ఆపి, అటూ ఇటూ చూస్తున్నాడు. ఏ బస్సు ఎటు వెళ్ళిందో ఆయనకీ తెలియలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. పాప సంచి తెచ్చి పెట్టుకున్నాను. ఇప్పుడది నా బల్ల కింద ఉంది.

మర్నాడు ఉదయమే ఆయన ఫోన్ చేశాడు. "దొరకలేదు మేడమ్. నా లాగిన్ ఎందుకో తెరుచుకోవట్లేదు. అది మళ్ళీ కొత్త కాగితం ఏమైనా పెట్టిందా?"

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. పెద్దాయన వచ్చి ఫోన్ లాక్కున్నారు. షాపాయన ఇప్పటికీ మా క్లయింటే. షాపు కాగితాలు ఆయనవి, వాటిని చూసే హక్కు ఆయనకుంది, ఆపడానికి మాకు ఆధారం లేదు. ఆయన వైపు షాపు కాగితాలు మాత్రం ఉంచి, ఆమెవన్నీ విడదీశాం. ఏడాదికి రెండుసార్లు వచ్చి సంతకాలు పెట్టి, నాకు నమస్కారం చేసి వెళ్తాడు.

ఆమెకి వేరే నెంబరు తెరిచాను, 412. అందులో ఒకే ఒక్క లాగిన్. మెయిల్ నోటీసులో ఇప్పుడు ఫైలు పేరు రాదు, మార్పించాను. కొత్తగా ఎవరొచ్చినా, 'మీ నెంబరులో ఇంకెవరున్నారో తెలుసా?' అని ముందు అదే అడుగుతున్నాను. జనం విసుక్కుంటున్నారు. ఆమె ఫోన్‌కి లాగిన్ లింకు పంపుతాను. ఏడు రోజులకి దాని గడువు తీరిపోతుంది. మళ్ళీ పంపుతాను. రిటర్ను గడువు దాటిపోయింది. ఉత్తరాలన్నీ పాత ఇంటికే వెళ్తున్నాయి.

ఆ శుక్రవారం సాయంత్రం ఆరూ పదికి ఆమె ఒక్కసారి పోర్టల్ తెరిచింది. లాగ్‌లో ఉంది. రెండో లాగిన్, ఆరూ పది నుంచి ఆరూ పన్నెండు. ఫైలు తీసేసినా చెరగని నా 'చాలా బాగుంది' కిందే, ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోయింది.

"పేరు మీరు చెప్పినట్టే పెట్టాను కదక్కా."

చూసిన క్షణంలోనే జవాబు రాశాను. తప్పు నాదే తల్లీ, ఆయన్ని నేను తీసుకురాలేదు, ఎక్కడున్నావో చెప్పొద్దు, బాగున్నానని ఒక్క మాట రాయి చాలు, అని. జవాబు కింద చూశారో లేదో తెలిపే చోటొకటి ఉంటుంది. రోజూ పొద్దున్నే ముందు అదే చూస్తాను. ఇవాళ కూడా అక్కడ 'చూడలేదు' అనే ఉంది.